రెండర్‌లో నాయిస్: శాంపిల్స్, బౌన్సులు, డీనాయిజర్‌ల పని పంపకం

పాత్ ట్రేసింగ్ రెండరర్ ఇచ్చిన బొమ్మ ఇసుక చల్లినట్టు కనిపిస్తే మొదట చేసే పనులు మూడు. శాంపిల్స్ సంఖ్య పెంచుతారు, వెలుతురు బౌన్సులు తగ్గిస్తారు, డీనాయిజర్ ఆన్ చేస్తారు. ఈ మూడూ ఒకే పనిని వేర్వేరు ఖర్చులతో చేసే మార్గాలని, ఏది చవగ్గా వస్తే దాన్ని వాడుకోవచ్చని అనుకోవడం మామూలైపోయింది. బొమ్మలో గరుకు తగ్గడం ఒక్కదాన్నే చూస్తే అలాగే అనిపిస్తుంది కూడా. కానీ ఈ మూడింటి స్వభావాలు వేరు. శాంపిల్స్ పెంచితే రావలసిన జవాబు మారదు, దాని చుట్టూ ఉన్న పొరపాటు తగ్గుతుంది. బౌన్సులు తగ్గిస్తే జవాబే మారిపోతుంది. డీనాయిజర్ అయితే దొరికిన కొద్ది ఆధారాన్ని పట్టుకుని జవాబు ఇలా ఉండొచ్చని ఊహిస్తుంది. అందుకే వీటి మధ్య సమతూకం అంటే మూడు నాబ్‌లనూ తలా కాస్త తిప్పడం కాదు, ఏ పని దేనికి అప్పగించాలో, ఏది ముందో ఏది వెనుకో తేల్చుకోవడం. ఈ వ్యాసంలో ఉదాహరణగా బ్లెండర్‌లోని సైకిల్స్ రెండరర్‌ను తీసుకుంటున్నాను. అది ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది, దాని సెట్టింగులన్నీ బయటికి కనిపిస్తాయి. చెప్పే సూత్రాలు మాత్రం ఆర్నాల్డ్‌కైనా రెండర్‌మ్యాన్‌కైనా వర్తించేవే.

నాయిస్ ఎక్కడ పుడుతుందో ముందు చూద్దాం. 1986లో జేమ్స్ కజియా రాసిన పత్రం ఒక ఉపరితలం నుంచి కంటికి చేరే వెలుతురును ఒక సమీకరణంగా పెట్టింది. ఒక బిందువు దగ్గరకు అన్ని దిక్కుల నుంచీ వచ్చే వెలుతురును కూడాలి, ఆ వచ్చే వెలుతురు మళ్లీ ఇంకో ఉపరితలం నుంచి బయల్దేరిందే. ఈ కూడికను పూర్తిగా చేయడం సాధ్యం కాదు కనుక కంటి నుంచి ఒక కిరణాన్ని వెనక్కి పంపి, తగిలిన ప్రతిచోటా ఒక దిక్కును పాచిక వేసి ఎంచుకుంటూ పోవాలని కజియా ప్రతిపాదించాడు. అలా పోయిన ఒక్కో దారి ఒక్కో శాంపిల్. పిక్సెల్ రంగు అంటే ఆ శాంపిల్స్ సగటు. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటాం, ఎందుకంటే కుండలో మెతుకులన్నీ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. పిక్సెల్‌లో అలా కాదు. ఒక దారి నేరుగా కిటికీలోకి పోతుంది, ఇంకోటి మంచం కిందకు పోయి చీకట్లో ఆగిపోతుంది. శాంపిల్స్ ఒకదానికొకటి ఎంత తేడాగా ఉంటే పక్కపక్క పిక్సెళ్ల సగటులు అంత తేడాగా వస్తాయి. మనం నాయిస్ అని చూసేది ఆ తేడానే.

ఇందులోంచి ఒక కఠినమైన లెక్క వస్తుంది. సగటులో పొరపాటు శాంపిల్స్ సంఖ్య వర్గమూలానికి విలోమంగా తగ్గుతుంది. అంటే నాయిస్ సగం కావాలంటే శాంపిల్స్ నాలుగు రెట్లు కావాలి. 128 శాంపిల్స్ దగ్గర పొరపాటు 10 శాతం ఉందనుకుంటే, 5 శాతానికి రావడానికి 512, రెండున్నర శాతానికి 2048 కావాలి. రెండర్ సమయం మాత్రం శాంపిల్స్‌తో పాటే నేరుగా పెరుగుతుంది. మొదటి 128కి రెండు నిమిషాలు పడితే 2048కి అరగంట దాటుతుంది. అయితే ఈ లెక్కకు రెండో వైపు ఒకటుంది, దాన్ని చాలామంది వదిలేస్తారు. పొరపాటు శాంపిల్స్ సంఖ్య మీదే కాదు, ఒక్కో శాంపిల్ మిగతావాటికి ఎంత తేడాగా ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. మొదటిది మన కంప్యూటర్ ఓపిక, రెండోది మన సీన్ కట్టుబడి. వర్గమూలం వల్ల మొదటి దారిలో నడక చాలా నెమ్మది. రెండో దారిలో ఒక్క దిద్దుబాటుతో వందల రెట్ల లాభం రావచ్చు. కాబట్టి మూడు నాబ్‌ల జోలికి వెళ్లకముందే అడగవలసిన ప్రశ్న, ఈ గరుకు ఏ దారి వల్ల వస్తోంది అన్నది.

ఒక మామూలు గదిని తీసుకుందాం. తెల్ల గోడలు, ఒక కిటికీ, బయట సూర్యుడు, లోపల ఒక మంచం, మంచం మీద నేత కనిపించే దుప్పటి, పక్కన బల్ల మీద నీళ్లు పోసిన గాజు గ్లాసు. కిటికీకి గాజు పలక కూడా పెట్టారు, దానికి సహజంగానే గ్లాస్ షేడర్ ఇచ్చారు. ఈ సీన్ 4096 శాంపిల్స్ దగ్గర కూడా తెల్లటి చుక్కలతో నిండిపోతుంది. కారణం ఇదీ. సైకిల్స్ ప్రతి బౌన్స్ దగ్గరా దీపాల వైపు, ఇక్కడైతే సూర్యుడి వైపు, నేరుగా ఒక నీడ కిరణం పంపి మధ్యలో అడ్డమేమైనా ఉందా అని చూస్తుంది. గది రెండర్లలో వెలుతురు త్వరగా తేలడానికి ముఖ్య కారణం ఈ నేరు పరీక్షే. కానీ గాజు కాంతిని వంచుతుంది. వంగిన దారిని నేరు కిరణం వెతకలేదు కనుక గాజును అది అడ్డంగానే లెక్కిస్తుంది. ఇక సూర్యుడి వెలుతురు లోపలికి రావడానికి ఒకే మార్గం మిగిలింది. గోడ మీద నుంచి పాచిక వేసి ఎంచుకున్న దిక్కు యాదృచ్ఛికంగా గాజు గుండా పోయి సూర్యబింబాన్ని తాకాలి.

అది ఎంత అరుదో లెక్క కట్టి చూడొచ్చు. సైకిల్స్‌లో సూర్యుడి వెడల్పు మామూలుగా 0.526 డిగ్రీలు, అంటే వ్యాసార్ధం సుమారు 0.0046 రేడియన్లు. మ్యాట్ గోడ మీద దిక్కులు కొసైన్ నిష్పత్తిలో ఎంచుకుంటారు కనుక, సూర్యుడు గోడకు సరిగ్గా ఎదురుగా ఉన్నా ఒక కిరణం దాన్ని తాకే అవకాశం ఆ వ్యాసార్ధపు వర్గమే, అంటే సుమారు 47 వేలలో ఒకటి. పిక్సెల్‌కు 4096 శాంపిల్స్ ఇస్తే ఎండ పడవలసిన పిక్సెళ్లలో 8 శాతానికి మాత్రమే ఒక్కసారైనా ఎండ తగులుతుంది. మిగతా 92 శాతానికి ఆ ఎండ అసలు లేనట్టే. తగిలిన ఆ కొన్ని పిక్సెళ్లు ఒక్క దెబ్బతో మిరుమిట్లు గొలిపేంత వెలుగుతాయి, వీటినే ఫైర్‌ఫ్లైలు అంటారు. ఇక్కడ శాంపిల్స్ రెట్టింపు చేసి లాభం లేదు, డీనాయిజర్‌కు పట్టుకోవడానికి ఆధారమే లేదు. చేయవలసిన పని వేరు. గాజు షేడర్‌ను `Transparent BSDF`తో `Mix Shader` ద్వారా కలిపి, `Light Path` నోడ్‌లోని `Is Shadow Ray`ను ఫ్యాక్టర్‌గా ఇవ్వాలి. దాంతో నీడ కిరణానికి పలక పారదర్శకమవుతుంది, కెమెరాకు మాత్రం గాజుగానే కనిపిస్తుంది. `Is Diffuse Ray`ను కూడా మ్యాగ్జిమమ్ లెక్కతో దానికి జత చేయాలి, లేకపోతే గోడ నుంచి గాజు గుండా వెళ్లి సూర్యుణ్ణి తాకిన అరుదైన దారులు కూడా లెక్కలోకి వచ్చి అదే వెలుతురు రెండుసార్లు పడుతుంది. కిటికీ పలకలాంటి చదునైన గాజుకు వెలుతురును పోగుచేసే గుణం లేదు కనుక ఈ సర్దుబాటులో పోయే నిజం చాలా తక్కువ. ఆకాశపు వెలుతురు కోసం కిటికీ చట్రంలో ఒక ఏరియా లైట్ పెట్టి దాన్ని పోర్టల్‌గా మార్చడం కూడా ఇదే తరహా మందు. ఆకాశంలో గోడలు దాచేసిన భాగం వైపు కిరణాలు వృథా కాకుండా అది ఆపుతుంది.

ఇంత తేలికైన దిద్దుబాటు ఉన్నా, ఫైర్‌ఫ్లైలు కనిపించగానే చాలామంది క్లాంప్ వైపు వెళ్తారు. క్లాంప్ అంటే ఏ శాంపిల్ అయినా ఒక విలువ దాటితే అక్కడే కోసేయడం. సైకిల్స్‌లో పరోక్ష వెలుతురుకు డిఫాల్ట్‌గా 10 దగ్గర కోత ఉంటుంది. దీని ఖర్చు ఎంతో తెలియాలంటే ఒక సరళమైన పిక్సెల్‌ను ఊహించుకోవచ్చు. వెయ్యి దారుల్లో ఒకటి మాత్రమే వెలుతురును చేరుతుంది, చేరినప్పుడు విలువ 1000 వస్తుంది. సగటు సరిగ్గా 1. పొరపాటు 10 శాతానికి రావాలంటే ఇలాంటి పిక్సెల్‌కు లక్ష శాంపిల్స్ కావాలి. దాన్నే 10 దగ్గర కోస్తే చుక్కలు మాయమవుతాయి, కానీ సగటు 0.01కి పడిపోతుంది. ఆ పిక్సెల్‌కు రావలసిన వెలుతురులో 99 శాతం పోయింది. బొమ్మ శుభ్రంగా కనిపిస్తుంది, గ్లాసు నీళ్ల నుంచి బల్ల మీద పడే మెరుపు గీతలు మాత్రం ఉండవు. క్లాంప్ వద్దనడం లేదు. అరుదైన దారుల వల్ల వచ్చే వెలుతురు బొమ్మకు అక్కర్లేదని తేల్చుకున్నాక దాన్ని వాడటం సబబే. తేల్చుకోకుండా వాడితే మాత్రం ఏం పోయిందో మనకు తెలియకుండానే పోతుంది, ఎందుకంటే శుభ్రమైన బొమ్మ ఎప్పుడూ ఫిర్యాదు చేయదు.

ఇక బౌన్సులు. సైకిల్స్ డిఫాల్ట్‌లో మొత్తం 12 బౌన్సులు, అందులో డిఫ్యూజ్‌కు 4, గ్లాసీకి 4, ట్రాన్స్‌మిషన్‌కు 12. గది రెండర్ నాయిస్‌గా ఉంటే డిఫ్యూజ్‌ను 2కో 1కో దించమని సలహా ఇవ్వడం మామూలు. దించితే నాయిస్ తగ్గుతుందన్నది నిజమే. దూరపు బౌన్సులతో వచ్చే యాదృచ్ఛికత పోతుంది, ఒక్కో శాంపిల్ త్వరగా పూర్తవుతుంది కూడా. కానీ ఎంత వెలుతురు పోతుందో గోడ రంగే చెబుతుంది. తెల్ల సున్నం గోడ తన మీద పడిన వెలుతురులో సుమారు 80 శాతాన్ని వెనక్కి పంపుతుంది. బ్లెండర్ ప్రిన్సిపుల్డ్ షేడర్ డిఫాల్ట్ రంగు కూడా 0.8. మూసి ఉన్న గదిలో నేరుగా పడ్డ వెలుతురును 1 అనుకుంటే, మొదటి బౌన్స్ 0.8, రెండోది 0.64, మూడోది 0.51, నాలుగోది 0.41 కలుపుతాయి. ఇలా అనంతంగా కలిపితే మొత్తం 5. నాలుగు బౌన్సుల దగ్గర ఆపితే వచ్చేది 3.36, అంటే 67 శాతం. గదిలో ఉండవలసిన వెలుతురులో మూడో వంతు లేదు. ఎనిమిది బౌన్సులకు 87 శాతం, పన్నెండుకు 94 శాతం దాటుతుంది. అదే గోడలు వెలుతురులో సగమే తిప్పిపంపే ముదురు రంగువైతే నాలుగు బౌన్సులకే 97 శాతం వచ్చేస్తుంది. కిటికీ గుండా కొంత వెలుతురు బయటికి పోతుంది కనుక నిజమైన గదిలో నష్టం ఇంతకంటే కాస్త తక్కువగా ఉంటుంది. అయినా తెలిసేది ఇదే, డిఫ్యూజ్ బౌన్సుల సంఖ్యను నాయిస్ చూసి కాదు, గోడ రంగు చూసి నిర్ణయించాలి. రంగును 1.0కి పెట్టిన గోడ ఏ వెలుతురునూ మింగదు. అలాంటి గోడ లోకంలో లేదు, రెండర్‌లో మాత్రం దారులను అంతులేకుండా సాగదీస్తుంది.

దీనికి ఒక మంచి అభ్యంతరం ఉంది. రెండర్ అనేది ఫొటో కాదు, పోయిన వెలుతురును ఇంకో దీపం పెట్టి భర్తీ చేసుకోవచ్చు, ఎక్స్‌పోజర్ పెంచుకోవచ్చు కదా అని. ఏ మూడ్ కావాలో ముందే తెలిసిన లైటింగ్ కళాకారుడి చేతిలో ఇది చెల్లుతుంది. అయితే నష్టం గది అంతా సమానంగా ఉండదన్నది మరిచిపోకూడదు. కిటికీ ఎదురుగా ఉన్న గోడకు నేరు వెలుతురు ఉంది, దానికి పోయేది కొద్దిగానే. మంచం కిందకి, తలుపు వెనక మూలకి వెలుతురు చేరేదే నాలుగైదు బౌన్సుల తర్వాత కనుక అక్కడ దాదాపు అంతా పోతుంది. ఎక్స్‌పోజర్ పెంచితే వెలుగున్న చోట తెల్లబారుతుంది, మూల మూలగానే నల్లగా ఉంటుంది. పైగా ఆ పెంపుతో నీడల్లో మిగిలిన నాయిస్ కూడా అంతే పెరిగి కనిపిస్తుంది. భవన నిర్మాణ రెండర్లలో గది నిజంగా ఎంత వెలుతురుగా ఉంటుందో కొనేవారికి చూపించాలి కనుక ఈ తేడా అందం గురించిన తేడా కాదు. ఇక బౌన్సులు పెంచితే సమయం రెట్టింపవుతుందన్న భయం కూడా పూర్తిగా నిజం కాదు. రష్యన్ రూలెట్ అనే పద్ధతిలో సైకిల్స్ బలం తగ్గిన దారులను మధ్యలోనే యాదృచ్ఛికంగా ముగించి, మిగిలినవాటికి ఆ మేరకు బరువు పెంచుతుంది. సగటు చెడదు. కనుక 4 నుంచి 8కి వెళ్లినా అన్ని దారులూ ఎనిమిదిదాకా నడవవు.

గాజు విషయంలో బౌన్సులు తగ్గించడం ఇంకా పెద్ద పొరపాటు. నీళ్లున్న గ్లాసు గుండా నేరుగా పోయే ఒక కిరణం ఒక వైపు గాజు లోపలికి వెళ్లి, నీళ్లలోకి దిగి, అవతలి గాజులోకి ఎక్కి, బయటపడాలి. ఒక్క గ్లాసుకే నాలుగు హద్దులు, వెనక ఇంకో గ్లాసు ఉంటే ఎనిమిది. ట్రాన్స్‌మిషన్‌ను 4కి దించితే నాయిస్ తగ్గదు, రెండో గ్లాసు నల్లగా మారుతుంది. ఆకుల బొమ్మలు అతికించిన చెట్లలో ట్రాన్స్‌పరెంట్ బౌన్సులు చాలకపోయినా ఇదే జరుగుతుంది, కొమ్మల మధ్య నల్లటి ముద్దలు వస్తాయి. బొమ్మలో గరుకు కాకుండా నలుపు కనిపిస్తే ముందు అనుమానించవలసింది బౌన్సుల హద్దునే.

సీన్ సర్ది, బౌన్సులు గది స్వభావాన్ని బట్టి నిర్ణయించాకే శాంపిల్స్ వంతు. ఇప్పుడు ఒకే సంఖ్యను అన్ని పిక్సెళ్లకూ పంచనక్కర్లేదు. బ్లెండర్ 2.83లో అడాప్టివ్ శాంప్లింగ్ వచ్చింది. 2021 డిసెంబరులో వచ్చిన 3.0 నుంచి అది డిఫాల్ట్ అయింది. గరిష్ఠంగా 4096 శాంపిల్స్, ఆగవలసిన హద్దుగా నాయిస్ థ్రెషోల్డ్ 0.01. ఇది పనిచేసే తీరు ముచ్చటగా ఉంటుంది. ప్రతి పిక్సెల్‌కూ మొత్తం శాంపిల్స్ సగటుతో పాటు వాటిలో సగం శాంపిల్స్ సగటును కూడా విడిగా దాచి, రెండింటికీ తేడా హద్దు కంటే తగ్గాక ఆ పిక్సెల్‌ను వదిలేస్తుంది. ఎండ పడ్డ గోడ త్వరగా ముగుస్తుంది, మిగిలిన సమయం మంచం కింది నీడకు దక్కుతుంది. దీనికి ఒక గుడ్డితనం ఉంది. అరుదైన వెలుతురు ఇంకా ఒక్కసారి కూడా తగలని పిక్సెల్‌లో రెండు సగటులూ చీకటే, రెండూ ఏకీభవిస్తాయి. లెక్క పూర్తయిందనుకుని రెండరర్ వెళ్లిపోతుంది. గ్లాసు కింద మెరుపు గీతలు ఉండవలసిన చోట అక్కడక్కడా ముక్కలుగా, పక్కనే చదునుగా కనిపిస్తే ఇదే కారణం. కనీస శాంపిల్స్‌ను పెంచితే ఈ ముందస్తు ఆగుడు తగ్గుతుంది. మిగతా అన్నిచోట్లా థ్రెషోల్డ్ మీద ఆధారపడటమే మేలని నా అభిప్రాయం, ఎందుకంటే శాంపిల్స్ సంఖ్య ఖర్చును చెబుతుంది, థ్రెషోల్డ్ ఫలితాన్ని చెబుతుంది.

మరి ఆ ఫలితం ఎక్కడిదాకా కావాలి? ఇక్కడే డీనాయిజర్‌ను అర్థం చేసుకోవాలి. ఇంటెల్ 2019లో విడుదల చేసిన ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ అదే ఏడాది నవంబరులో బ్లెండర్ 2.81లోకి వచ్చింది. నాయిస్ ఉన్న బొమ్మ, అదే సీన్ శుభ్రమైన బొమ్మ, ఇలాంటి జతలతో శిక్షణ పొందిన న్యూరల్ నెట్‌వర్క్ అది. దానికి రంగుతో పాటు రెండు సహాయక బొమ్మలు ఇస్తారు. ఉపరితలపు అసలు రంగును చూపే అల్బిడో, ఉపరితలం ఎటు తిరిగి ఉందో చూపే నార్మల్. ఈ రెండింటిలో నాయిస్ దాదాపు ఉండదు. దుప్పటి నేత టెక్స్చర్‌గానో బంప్‌గానో ఉంటే అది వీటిలో స్పష్టంగా కనిపిస్తుంది కనుక 64 శాంపిల్స్ దగ్గర కూడా డీనాయిజర్ దాన్ని చెరపదు. అద్దంలో కనిపించే నేత కూడా నిలుస్తుంది, నునుపైన అద్దం, గాజు ఎదురైతే సైకిల్స్ వాటిని దాటి వెనకున్న వస్తువు రంగునూ నార్మల్‌నూ నమోదు చేస్తుంది. కానీ నీడ అంచు అల్బిడోలో ఉండదు, నార్మల్‌లోనూ ఉండదు. కిటికీ ఊచల నీడ గోడ మీద మెత్తగా పడటం, మంచం కోడు నేలను తాకే చోట సన్నటి చీకటి గీత, గ్లాసు కింద మెరుపులు, ధూళిలో కనిపించే ఎండ చార, ఇవన్నీ వెలుతురు వల్ల పుట్టిన వివరాలు. వీటికి ఆధారం నాయిస్ ఉన్న రంగు బొమ్మ ఒక్కటే. అది చాలకపోతే డీనాయిజర్ వీటిని అలికేస్తుంది. కాబట్టి శాంపిల్స్ ఎన్ని అన్న ప్రశ్నకు నా జవాబు, డీనాయిజర్‌కు ఈ వెలుతురు వివరాలు దొరికేటన్ని. కంటికి గరుకు కనిపించనంత అవసరం లేదు, వస్తువులు గుర్తుపట్టేంత సరిపోదు.

ఇవాళ్టి డీనాయిజర్లు 32 శాంపిల్స్‌తో కూడా శుభ్రమైన బొమ్మ ఇస్తున్నాయి కదా, ఇంత విచారం ఎందుకని అడగొచ్చు. శుభ్రంగా ఉందా అన్నది తప్పు పరీక్ష, డీనాయిజర్ ఎప్పుడూ శుభ్రమైన బొమ్మే ఇస్తుంది. ఆ బొమ్మలో ఎంత సీన్ నుంచి వచ్చిందో, ఎంత ఊహో తేల్చడానికి ఒక సులువైన ఉపాయం ఉంది. శాంప్లింగ్ సెట్టింగుల్లో సీడ్ అనే సంఖ్య ఉంటుంది, యాదృచ్ఛిక దారులన్నీ దాని నుంచి మొదలవుతాయి. అదే ఫ్రేమ్‌ను సీడ్ 1తో ఒకసారి, 2తో ఒకసారి రెండర్ చేసి, రెండింటినీ డీనాయిజ్ చేసి, కంపోజిటర్‌లో తేడా తీసి పది రెట్లు వెలుగు పెంచి చూడాలి. సీన్ ఒకటే, కెమెరా ఒకటే. కనుక తేడాలో కనిపించే ప్రతి మరకా డీనాయిజర్ ఆ పూట ఆధారం చాలక వేసిన అంచనా. దుప్పటి దగ్గర తేడా నల్లగా ఉంటే అక్కడ శాంపిల్స్ సరిపోయాయి. మూలలో అరచేయంత మబ్బు మరకలు కనిపిస్తే అక్కడ చాలలేదు. ఈ పరీక్షకు పెట్టిన సమయం వృథా కాదు, డీనాయిజ్ చేయకముందు రెండు రెండర్లనూ సగటు తీస్తే రెట్టింపు శాంపిల్స్ బొమ్మ దొరుకుతుంది.

ఈ పరీక్షకు అందనిది ఒకటుంది. డీనాయిజర్ రెండుసార్లూ ఒకేలా తప్పు చేస్తే, అంటే ఊచల నీడను రెండుసార్లూ ఒకేలా అలికేస్తే, తేడాలో ఏమీ కనిపించదు. దానికి చిన్న ముక్కను పూర్తి శాంపిల్స్‌తో చూసుకోవాలి. కెమెరా వ్యూలో కంట్రోల్ బి నొక్కి అడ్డంగా పదో వంతు, నిలువుగా పదో వంతు ఉన్న ముక్కను గీస్తే అది ఫ్రేమ్‌లో వందో వంతు. డీనాయిజర్ తీసేసి, అడాప్టివ్‌ను ఆపి, ఆ ముక్కకు 128కి బదులు 4096 శాంపిల్స్, అంటే 32 రెట్లు ఇచ్చినా అయ్యే ఖర్చు మొత్తం ఫ్రేమ్ సమయంలో ఇంచుమించు మూడో వంతే. ఆ ముక్క పక్కన డీనాయిజ్ చేసిన బొమ్మను పెట్టి చూస్తే నీడ అంచు ఎక్కడ కరిగిందో వెంటనే తెలుస్తుంది. ముక్కను గోడ మధ్యలో కాకుండా ఊచల నీడ మీదో, మంచం కోడు దగ్గరో ఎంచుకోవాలి.

రెండో వైపు నుంచి వచ్చే అభ్యంతరం, డీనాయిజర్ ఊహే కనుక దాన్ని పూర్తిగా పక్కన పెట్టి శాంపిల్స్‌తోనే శుభ్రం చేయాలని. స్వచ్ఛతను కోరే ఈ వాదన పట్ల నాకు గౌరవం ఉంది, కానీ వర్గమూలం దీనికి అడ్డుపడుతుంది. చివరి కొద్దిపాటి గరుకు తీయడానికి అప్పటిదాకా పెట్టినదానికి మూడింతలు మళ్లీ పెట్టాలి, ఆ తర్వాత మరో పన్నెండింతలు. ఆ స్థాయిలో మిగిలిన గరుకు పక్కపక్క పిక్సెళ్లను కలిపి చూస్తే పోయేదే. డీనాయిజర్ నిజంగా బాగా చేసే పని కూడా అదే. సినిమా స్టూడియోలు ఈ దారిలోనే వెళ్లాయి. 2017లో డిస్నీ, పిక్సర్ పరిశోధకులు భాగమైన ఒక పత్రం ఫైండింగ్ డోరీ ఫ్రేములతో నెట్‌వర్క్‌కు శిక్షణ ఇచ్చి, కార్స్ 3, కోకో ఫ్రేముల మీద పరీక్షించింది. అందులో గమనించవలసింది, ఆ నెట్‌వర్క్ రంగును సొంతంగా కల్పించదు. చుట్టుపక్కల పిక్సెళ్లకు ఏ నిష్పత్తిలో బరువులివ్వాలో మాత్రమే తేల్చి, ఉన్న రంగులనే కలుపుతుంది. ఊహకు కూడా ఒక హద్దు గీయొచ్చని దాని అర్థం. చేతిలో ఉన్న డీనాయిజర్‌కు అలాంటి హద్దు లేకపోయినా, డీనాయిజ్ చేసిన బొమ్మలో కొంత పాలు ముడి రెండర్‌ను కలపడం ద్వారా మనమే ఒక హద్దు పెట్టుకోవచ్చు. ముడి రెండర్ ఎలాగూ చాలావరకు తేలి ఉంటే, సన్నటి గరుకు తిరిగి రావడం వల్ల బొమ్మకు చెడేది లేదు, డీనాయిజర్ మింగిన నీడ గీతలు కొన్ని వెనక్కి వస్తాయి.

పైన చెప్పిన గదికి ఈ క్రమంలో తేలే సెట్టింగులు ఇంచుమించు ఇలా ఉంటాయి. వీటిని మంత్రంలా కాక, తేడా పరీక్ష మొదలుపెట్టే చోటుగా తీసుకోవాలి.

```python
import bpy
c = bpy.context.scene.cycles
c.samples = 1024
c.use_adaptive_sampling = True
c.adaptive_threshold = 0.02
c.adaptive_min_samples = 64
c.max_bounces = 12
c.diffuse_bounces = 8
c.sample_clamp_indirect = 10
c.use_denoising = True
c.denoiser = 'OPENIMAGEDENOISE'
c.denoising_input_passes = 'RGB_ALBEDO_NORMAL'
c.denoising_prefilter = 'ACCURATE'
c.seed = 1
```

డిఫ్యూజ్ 8 తెల్ల గోడల వల్ల వచ్చింది. అవి చెక్క పలకల గోడలైతే 4 చాలు. ప్రీఫిల్టర్‌ను యాక్యురేట్‌గా ఉంచడం డెప్త్ ఆఫ్ ఫీల్డ్, మోషన్ బ్లర్ ఉన్న ఫ్రేముల కోసం. అవి ఉన్నప్పుడు సహాయక బొమ్మల్లోనే నాయిస్ వస్తుంది, దాన్ని ముందు తీయకపోతే డీనాయిజర్ ఆ గరుకునే టెక్స్చర్ అనుకుని కాపాడుతుంది. థ్రెషోల్డ్ 0.02 దగ్గర మూలల్లో మరకలు తేలితే ముందు దాన్ని 0.01కి దించాలి. అప్పటికీ మరకలు పోకుండా ఒకే చోట చుక్కలు మిగిలితే సమస్య శాంపిల్స్‌ది కాదు, నీడ కిరణం చేరలేని వెలుతురు ఇంకేదో ఉందన్నమాట. నీళ్ల గ్లాసు కింది మెరుపులు అలాంటివే. 3.2 వెర్షన్ నుంచి ఉన్న షాడో కాస్టిక్స్‌ను ఆ గ్లాసుకూ, బల్లకూ, దీపానికీ ఆన్ చేసి చూడొచ్చు. ప్రాసెసర్ మీద రెండర్ చేసేవారికి 3.4 నుంచి ఉన్న పాత్ గైడింగ్ ఇంకో దారి. దారులు నడుస్తూ నడుస్తూ వెలుతురు ఎటు నుంచి వస్తోందో నేర్చుకుని, ఆ వైపు ఎక్కువ కిరణాలు పంపుతుంది.

యానిమేషన్‌లో ఈ తూకం ఇంకో వైపు వాలుతుంది. సెకనుకు 24 ఫ్రేముల చొప్పున పది సెకన్ల షాట్‌కు 240 ఫ్రేములు, ఒక్కోటి రెండు నిమిషాలైతే 8 గంటలు, నాయిస్ సగం చేయాలంటే 32 గంటలు. అందుకే డీనాయిజర్ మీద మోజు ఇక్కడే ఎక్కువ, దాని లోపం బయటపడేదీ ఇక్కడే. ఓపెన్ ఇమేజ్ డీనాయిజ్ బ్లెండర్‌లో ఒక్కో ఫ్రేమ్‌ను విడిగా చూస్తుంది, ముందు ఫ్రేమ్‌లో మూలకు ఏ అంచనా వేసిందో దానికి గుర్తుండదు. స్టిల్‌లో ఎవరికీ కనబడని మబ్బు మరకలు షాట్ ఆడించగానే గోడ మీద మరుగుతున్నట్టు కదులుతాయి. సీడ్‌ను అన్ని ఫ్రేములకూ ఒకటే ఉంచితే ఈ కదలిక ఆగుతుందని కొందరు చెబుతారు. కెమెరా కదలని షాట్‌లో అది కొంతవరకు పనిచేస్తుంది. కెమెరా కదిలితే అదే నాయిస్ నమూనా లెన్స్‌కు అంటుకున్న మురికిలా తెర మీద నిలబడి, దాని వెనక సీన్ జారుతున్నట్టుంటుంది. ఇది మరుగుడు కంటే కంటికి ఎక్కువ తగులుతుంది. సీడ్‌ను ఫ్రేమ్ ఫ్రేమ్‌కూ మారనిచ్చి, తేడా పరీక్షను రెండు వరుస ఫ్రేముల మీద కాకుండా ఒకే ఫ్రేమ్ రెండు సీడ్‌ల మీద చేసి, స్టిల్‌కు చాలిన థ్రెషోల్డ్‌ను సగానికి దించడం నాకు సరైన దారిగా తోస్తుంది. ఎన్విడియా కార్డున్నవారికి 3.1 నుంచి `bpy.ops.cycles.denoise_animation()` అనే ఆదేశం ఉంది. అది వెక్టర్ పాస్ సాయంతో ముందు ఫ్రేమ్‌ను కూడా చూసి డీనాయిజ్ చేస్తుంది. దానికి ఫ్రేములను డీనాయిజ్ చేయకుండా, డీనాయిజింగ్ డేటా, వెక్టర్ పాస్‌లతో మల్టీలేయర్ ఈఎక్స్ఆర్‌గా దాచాలి, మోషన్ బ్లర్ ఆన్‌లో ఉంటే వెక్టర్ పాస్ రాదు కనుక దాన్ని ఆపి, ఆ బ్లర్‌ను తర్వాత కంపోజిటర్‌లో వేసుకోవాలి. గాజులో కనిపించే ప్రతిబింబం కదలికను వెక్టర్ పాస్ చెప్పదు, అది గాజు కదలికనే చెబుతుంది. గాజు, నీళ్లు ఎక్కువగా ఉన్న షాట్లకు మాత్రం ముందు ఫ్రేమ్ సాయం అంతగా అందదు, అక్కడ శాంపిల్సే పెట్టాలి.